‘ఎస్‌క్యూఎల్ రాదు కదా’ అన్న మేనేజర్‌కు సోమవారం ఏం పంపాలి?

ప్రశ్న: మేడమ్, మాది అనంతపురం. నాలుగేళ్లుగా బెంగళూరులో ఒక కొరియర్ కంపెనీలో ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్‌గా చేస్తున్నాను. ఎక్సెల్ మీద మంచి పట్టుంది. నిన్న, గురువారం, వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీలో డేటా అనలిస్ట్ ఇంటర్వ్యూ అయింది. ‘ఒక్కో కస్టమర్ చివరి ఆర్డర్ మాత్రమే కావాలంటే ఎలా తీస్తారు?’ అని మేనేజర్ అడిగారు. తేదీ ప్రకారం సార్ట్ చేసి రిమూవ్ డూప్లికేట్స్ కొడతానన్నాను. ‘లాజిక్ బాగుంది, కానీ మా దగ్గర అంతా ఎస్‌క్యూఎల్. అది మీకు రాదు కదా’ అన్నారు. త్వరగా నేర్చుకుంటాను సార్ అన్నాను. ‘హెచ్ఆర్ చెప్తారు’ అని ముగించారు. నా నోటీసు పీరియడ్ 60 రోజులు. ఇప్పుడు మెయిల్ పెట్టొచ్చా? నెలలో నేర్చుకుంటానని రాయనా? మారతహళ్లిలో ఏదైనా ఇన్‌స్టిట్యూట్‌లో చేరి ఆ రసీదు జత చేయనా? రాత్రంతా టెన్షన్‌తో నిద్ర లేదు.
— ఒక పాఠకురాలు, మారతహళ్లి

సమాధానం: మెయిల్ పెట్టండి. అయితే ఒకటి కాదు, రెండు పెట్టండి. ఈరోజు సాయంత్రంలోగా నాలుగు వాక్యాలతో ఒకటి, సోమవారం ఉదయం అసలుది. ఈ రెండింటి మధ్య వచ్చే శని, ఆదివారాలే మీకు ముఖ్యం.

ఈరోజు మెయిల్‌లో సమయం ఇచ్చినందుకు కృతజ్ఞత చెప్పి, ‘కస్టమర్ చివరి ఆర్డర్ గురించి మీరడిగిన ప్రశ్నకు ఎస్‌క్యూఎల్‌లో జవాబు రాసి సోమవారం ఉదయం పంపుతాను’ అని రాయండి. అంతకు మించి వద్దు. నెలలో నేర్చుకుంటానని మాత్రం రాయకండి. పన్నెండేళ్లుగా బెంగళూరులో డేటా టీముల్లోకి మనుషుల్ని తీసుకుంటున్నాను. ఆ మాట నాకు లెక్కలేనన్ని మెయిళ్లలో వచ్చింది. అబద్ధమని కాదు, దాన్ని సరిచూసుకునే దారి నాకు లేదు. ‘నెల’ అంటే ఏ తేదీ? ‘నేర్చుకోవడం’ అంటే ఎంతవరకు? చేరాక తెలిస్తే అప్పటికి ఆలస్యమైపోతుంది.

ఆయన ఏం అనుమానించారో ముందు సరిగ్గా పట్టుకోవాలి. మీ తర్కాన్ని అనుమానించలేదు, బాగుందని నోటితోనే చెప్పారు. ఎక్సెల్ షీటులో 10,48,576 వరుసలకు మించి పట్టవు. వాళ్ల ఆర్డర్ల టేబుల్ అంతకన్నా పెద్దది అయ్యుంటుంది. కాబట్టి ఎస్‌క్యూఎల్ రాకపోతే అక్కడ పని మొదలే కాదు. ఇది పైకి కనిపించే అనుమానం. దీని కింద ఇంకొకటి ఉంటుంది, దాన్ని ఇంటర్వ్యూలో ఎవరూ చెప్పరు. ఎక్సెల్ నుంచి వచ్చినవాళ్లు ఎస్‌క్యూఎల్ వాక్యాలు రెండు వారాల్లో రాసేస్తారు. కానీ ఎక్సెల్ అలవాటుతో ఆలోచించి, తప్పు అంకెను చాలా ధీమాగా పంపేస్తారు.

నేనే పంపాను. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో ఒక నెల అమ్మకాల మొత్తం అడిగారు. బిల్లుల టేబుల్‌నీ, బిల్లులోని వస్తువుల టేబుల్‌నీ కలిపి మొత్తం వేసి పంపాను. అంకె అసలు దానికి కొన్ని రెట్లు వచ్చింది. పై అధికారి దాన్ని మీటింగులో చదివాక గానీ బయటపడలేదు. క్వెరీలో ఎర్రర్ రాలేదు, అంకెలు చక్కగా కనిపించాయి. ఆ రోజు నా ముఖం ఎలా ఉందో నాకు ఇప్పటికీ గుర్తుంది. కారణం వీలుకప్ అలవాటు. వీలుకప్ మొదట దొరికిన ఒక్క విలువను తెచ్చి ఆగిపోతుంది, మీ షీటులో వరుసల సంఖ్య మారదు. ఎస్‌క్యూఎల్‌లో `JOIN` అలా ఆగదు. జత కుదిరిన ప్రతి వరుసనూ తెస్తుంది. ఒక బిల్లులో ఆరు వస్తువులుంటే ఆ బిల్లు ఆరుసార్లు వస్తుంది, దాని మొత్తం కూడా ఆరుసార్లు కలుస్తుంది.

‘జాయిన్ అంటే వీలుకప్ లాంటిదే’ అని చాలా చోట్ల చెబుతారు. మొదటి రోజుకు ఆ పోలిక పనికొస్తుంది, రెండో రోజు నుంచే ముంచుతుంది. మీకు ఈ తేడా తెలుసని మీ మెయిల్‌లో కనబడితే, ఆయన బయటకు చెప్పని అనుమానానికి కూడా జవాబు దొరికినట్టే.

ఇక శనివారం పని. డీబీ బ్రౌజర్ ఫర్ ఎస్‌క్యూలైట్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, దాన్ని ల్యాప్‌టాప్‌లో వేసుకోండి. అభ్యాసం కోసం చినూక్ అనే నమూనా డేటాబేస్ ఉంది, అదీ ఉచితమే. ఫైల్ పేరు `Chinook_Sqlite.sqlite`. పాటలు అమ్మే ఒక ఊహా దుకాణం లెక్కలు అందులో 11 టేబుళ్లుగా ఉంటాయి. కొన్ని చోట్ల ఇదే డేటా టేబుల్ పేర్లు మార్చి దొరుకుతుంది, `Invoice` బదులు `invoices` అని ఉంటే కంగారుపడకండి. మీ కొరియర్ కంపెనీ డేటాను మాత్రం ఒక్క వరుస కూడా వాడకండి. పాత కంపెనీ లెక్కలు బయటకు తెచ్చిన మనిషి రేపు మా లెక్కలు కూడా తెస్తారని ఏ మేనేజరైనా అనుకుంటారు.

ఇందులో 59 మంది కస్టమర్లు, 412 ఇన్వాయిస్‌లు ఉన్నాయి. మీరు ఇంటర్వ్యూలో చెప్పిన జవాబునే ఎస్‌క్యూఎల్‌లోకి మారుద్దాం. మీరు తేదీ ప్రకారం సార్ట్ చేస్తానన్నారు. డూప్లికేట్స్ తీసేస్తే ఒక్కొక్కరికీ పైన ఉన్న మొదటి వరుస మిగులుతుంది. ఇక్కడ ఒక్కో కస్టమర్ ఇన్వాయిస్‌లకు కొత్తదాని నుంచి పాతదాకా 1, 2, 3 అని నంబర్లు వేసి, 1 ఉన్నదాన్ని ఉంచుతాం.

```sql
SELECT CustomerId, InvoiceId, InvoiceDate, Total
FROM (
  SELECT i.*,
         ROW_NUMBER() OVER (
           PARTITION BY CustomerId
           ORDER BY InvoiceDate DESC, InvoiceId DESC
         ) AS rn
  FROM Invoice i
) t
WHERE rn = 1;
```

`PARTITION BY` అంటే ఎవరి కుప్ప వారికి వేరు చేయడం. `ORDER BY` లో తేదీ తర్వాత `InvoiceId` ఎందుకంటే, ఒకే తేదీన ఒకరికి రెండు ఇన్వాయిస్‌లుంటే ఏది చివరిదో తేల్చాలి కదా. అది లేకపోతే ఈరోజు ఒకటి, రేపు ఇంకొకటి రావచ్చు. కొందరు `MAX(InvoiceDate)` తీసి మళ్లీ అదే టేబుల్‌తో కలుపుతారు. అలా చేస్తే ఒకే తేదీ ఉన్న రెండు ఇన్వాయిస్‌లూ వచ్చేసి ఆ కస్టమర్ రెండుసార్లు కనిపిస్తారు.

ఫలితంలో ఎన్ని వరుసలు వచ్చాయో చూడండి. 59 రావాలి. 60 వస్తే ఎవరో రెండుసార్లు వచ్చారు, 58 వస్తే ఎవరో తప్పిపోయారు. క్వెరీ నడిపే ముందే ఎన్ని రావాలో కాగితం మీద రాసుకోవడం అలవాటు చేసుకోండి. ఇంకో చిన్న లెక్క కూడా చేయండి. 59 మందికి తలా ఏడు చొప్పున 413 ఇన్వాయిస్‌లు ఉండాలి, కానీ ఉన్నవి 412. అంటే ఎవరో ఒకరికి ఆరే ఉన్నాయేమో. `GROUP BY`, `HAVING` వాడి ఆ ఒక్కరిని పట్టుకోండి. పివట్ టేబుల్ వేసి కింద ఫిల్టర్ పెట్టడం మీకు వచ్చు కాబట్టి ఇది అరగంట పని.

ఆదివారం నా పాత తప్పును మీరే కావాలని చేయండి.

```sql
SELECT SUM(Total) FROM Invoice;

SELECT SUM(i.Total)
FROM Invoice i
JOIN InvoiceLine l ON l.InvoiceId = i.InvoiceId;
```

మొదటిది 2328.60 ఇస్తుంది. రెండోది దానికి ఎన్నో రెట్లు. `InvoiceLine` లో 2,240 వరుసలున్నాయి, అంటే 412 ఇన్వాయిస్‌లు అన్ని వరుసలుగా విడిపోయాయి. వస్తువుల స్థాయిలో మొత్తం కావాలంటే `SUM(l.UnitPrice * l.Quantity)` అని రాయాలి, అప్పుడు మళ్లీ 2328.60 వస్తుంది. రెండు దారుల్లోనూ ఒకే అంకె వచ్చేదాకా వదలకండి. ఈ పని మీరు చేత్తో చేస్తేనే మెయిల్‌లో రాయగలరు, చదివి రాస్తే తర్వాతి రౌండులో ఒక్క ప్రశ్నకే తెలిసిపోతుంది.

సోమవారం మెయిల్ ఇంగ్లీషులోనే రాస్తారు కాబట్టి వాక్యాలు మీవే. విషయం మాత్రం ఇలా ఉండాలి:

> సార్, గురువారం మీరడిగిన ప్రశ్నను ఎస్‌క్యూఎల్‌లో చేశాను. చినూక్ అనే నమూనా డేటాబేస్ వాడాను. క్వెరీ కింద ఉంది. కస్టమర్లు 59 మంది, ఫలితంలో వరుసలు 59. ఒకే తేదీన రెండు ఇన్వాయిస్‌లుంటే ఇన్వాయిస్ నంబర్ ఎక్కువ ఉన్నదాన్ని చివరిదిగా తీసుకున్నాను. మీ దగ్గర ఆర్డర్ సమయం కూడా నమోదవుతుంటే దాన్నే వాడతాను.
>
> ఎక్సెల్ అలవాటు ఎక్కడ తప్పు దారి పట్టిస్తుందో కూడా చూసుకున్నాను. ఇన్వాయిస్‌ను దాని వస్తువులతో కలిపి మొత్తం వేస్తే 2328.60 రావాల్సింది ఎన్నో రెట్లు పెరిగింది. జాయిన్‌కు ముందు, తర్వాత వరుసలు లెక్కపెట్టి సరిచూసుకుంటున్నాను.
>
> ఇప్పటివరకు నేర్చుకున్నది ఇంతే. వచ్చే మూడు వారాల ప్రణాళిక కింద రాశాను. మూడో వారం చివరి శనివారం గానీ, ఆ తర్వాతి సోమవారం గానీ మీ టీములో ఎవరైనా 30 నిమిషాలు నాతో లైవ్‌గా క్వెరీలు రాయించి చూడవచ్చు. నా నోటీసు 60 రోజులు, కాబట్టి ఈ నేర్చుకోవడమంతా చేరకముందే పూర్తవుతుంది.

‘ఇప్పటివరకు నేర్చుకున్నది ఇంతే’ అన్న వాక్యాన్ని తీసేయాలనిపిస్తుంది. తీయకండి. రెండు రోజుల్లో ఎస్‌క్యూఎల్ అంతా వచ్చేసినట్టు ధ్వనిస్తే, ఎవరో రాసిచ్చారేమో అనుకుంటారు. లైవ్ పరీక్షకు మీరే తేదీలు ఇవ్వడం కూడా అందుకే. చాలామంది నోటీసు పీరియడ్ మాట తల వంచుకుని చెబుతారు. మీ విషయంలో అది మీ వైపు పనిచేస్తోంది, గట్టిగా రాయండి.

క్వెరీని మెయిల్ లోపలే పెట్టండి, కింద ఫలితంలోని మొదటి ఐదు వరుసలు అతికించండి. అటాచ్‌మెంట్ వద్దు, లింకు వద్దు. మీటింగుకూ మీటింగుకూ మధ్య ఫోన్‌లో చూసే మనిషి అవి తెరవరు. హెచ్ఆర్ నుంచి వచ్చిన ఇంటర్వ్యూ మెయిల్‌కే రిప్లై ఇవ్వండి. అందులో మేనేజర్ ఐడీ ఉంటే ఆయనకు కూడా వెళ్తుంది. లేకపోతే దయచేసి ఆయనకు చేర్చమని హెచ్ఆర్‌ను ఒక వాక్యంలో అడగండి. ఆయన నంబర్ ఎక్కడో సంపాదించి వాట్సాప్‌లో పంపకండి.

ప్రణాళిక గురించి. పనిరోజుల్లో గంటన్నర, శని ఆదివారాల్లో మూడేసి గంటలు అనుకోండి. వారానికి పదమూడున్నర గంటలు, మూడు వారాలకు నలభై. మారతహళ్లి నుంచి ఆఫీసుకు వెళ్లి వచ్చే ట్రాఫిక్‌లో ఇంతకన్నా ఎక్కువ రాస్తే అది నిజం కాదు. నెలాఖరు రిపోర్టుల వారం ఉంటే ఆ వారం సగమే లెక్కేసి, తేదీని ఇంకో వారం తర్వాతకు జరపండి. ఇచ్చిన తేదీ తప్పడం కన్నా మొదటే దూరపు తేదీ ఇవ్వడం మేలు.

మొదటి వారం జాయిన్‌లు, మొత్తాలు. ఇందులో ఒక చోట ఆగి సమయం పెట్టండి. `Artist` టేబుల్‌ను `Album` తో `LEFT JOIN` చేసి, ఒక్కో ఆర్టిస్టుకు ఎన్ని ఆల్బమ్‌లున్నాయో లెక్కపెట్టండి. ఒక్క ఆల్బమ్ కూడా లేని ఆర్టిస్టులు ఇందులో ఉన్నారు. `COUNT(*)` రాస్తే వాళ్లకు 1 వస్తుంది, ఎందుకంటే ఖాళీగా అయినా వాళ్ల వరుస ఒకటి ఉంది. `COUNT(AlbumId)` రాస్తే 0 వస్తుంది, అదే సరైనది. ‘ఈ నెల ఒక్క ఆర్డరూ పెట్టని కస్టమర్లు ఎంతమంది’ అని రేపు ఆఫీసులో అడిగినప్పుడు తప్పేది సరిగ్గా ఇక్కడే. మరో ప్రమాదం కూడా దీని పక్కనే ఉంది. `LEFT JOIN` చేసి, తర్వాత `WHERE` లో కుడివైపు టేబుల్‌లో ఫలానా విలువ ఉండాలని షరతు పెడితే ఆ ఖాళీ వరుసలన్నీ మాయమవుతాయి. ఆ షరతు `ON` లోకి వెళ్లాలి. రెండు విధాలా రాసి వరుసలు లెక్కపెట్టి చూడండి.

రెండో వారం `ROW_NUMBER` లాంటి విండో ఫంక్షన్లు. ఇంటర్వ్యూ ప్రశ్న వల్ల మీరు వీటిలో ముందే అడుగుపెట్టారు. ఒక్కో దేశంలో ఎక్కువ ఖర్చు చేసిన కస్టమర్, నెలనెలా పేరుకుంటూ పోయే మొత్తం, ముందు నెలతో తేడా, ఈ మూడూ చాలు.

మూడో వారం కొత్తది నేర్చుకోకండి. మీ కొరియర్ పనిలో ప్రతి సోమవారం చేసే ఎక్సెల్ రిపోర్టు ఏదో ఉంటుంది కదా, దాని ఆకారాన్ని తీసుకుని చినూక్ డేటా మీద మొత్తం ఎస్‌క్యూఎల్‌లో కట్టండి. తర్వాత స్నేహితురాలినో తమ్ముడినో పక్కన కూర్చోబెట్టి, స్క్రీన్ చూపిస్తూ, నోటితో చెబుతూ రాయండి. ఒంటరిగా రాయగలిగి, ఎవరైనా చూస్తుంటే చేతులు ఆగిపోయేవాళ్లను చాలామందిని చూశాను. ఈ సాధన లేకుండా లైవ్ పరీక్షకు వెళ్లకండి.

ఈ మూడు వారాల్లో రానిది కూడా ప్రణాళిక చివర ఒక్క వాక్యంలో రాయండి: కోట్ల వరుసల టేబుళ్ల మీద క్వెరీని వేగంగా నడిపించడం, ఇండెక్సులు, మీ కంపెనీ టేబుళ్ల సొంత చిక్కులు. అవి చేరాకే వస్తాయి. అది ఆయనకూ తెలుసు, మీకూ తెలుసని చూసినప్పుడు మిగతా ప్రణాళికను నమ్ముతారు.

ఇన్‌స్టిట్యూట్ సంగతి. మారతహళ్లిలోనూ బీటీఎం లేఅవుట్‌లోనూ గోడ గోడకూ బోర్డులున్నాయి. పక్కన ఒకరు చెబితేనే కూర్చోగలిగేవాళ్లయితే చేరండి, తప్పు లేదు. కానీ రసీదు జత చేయకండి. మీరు డబ్బు కట్టారన్న సంగతి తప్ప అది ఆయనకేమీ చెప్పదు. జీతం తగ్గించుకుంటానని కూడా రాయకండి. ఆయన అనుమానం జీతం గురించి కాదు, ఆ మాట రాస్తే అనుమానం నిజమేనని మీరే ఒప్పుకున్నట్టవుతుంది.

సోమవారం పంపాక వారం రోజులు ఆగండి. జవాబు రాకపోతే తర్వాతి సోమవారం అదే మెయిల్‌కు మూడు వాక్యాలు చేర్చండి: మొదటి వారం అనుకున్నది పూర్తయింది, ఆల్బమ్‌లు లేని ఆర్టిస్టుల లెక్కలో `COUNT` తేడా ఇలా కనబడింది, లైవ్ పరీక్ష తేదీలు అవే. ఆ తర్వాత మళ్లీ రాయొద్దు. వేరే మనిషిని తీసుకున్నామని జవాబొస్తే మూడు వారాలూ పూర్తి చేసి, ఇదే పనిని తర్వాతి కంపెనీ ఇంటర్వ్యూకు తీసుకెళ్లండి, అక్కడ ఈ ప్రశ్న మళ్లీ వస్తుంది. ఆఫర్ లెటర్ చేతికి వచ్చేదాకా రాజీనామా మాత్రం పెట్టకండి.

లైవ్ పరీక్షకు పిలిస్తే, టేబుల్ చూపించగానే టైపు చేయడం మొదలుపెట్టకండి. ‘ఈ టేబుల్‌లో ఒక వరుస అంటే ఏమిటి? ఒక ఆర్డరా, ఆర్డర్‌లో ఒక వస్తువా?’ అని ముందు అడగండి. మా టీములో అభ్యర్థి ఆ ప్రశ్న అడిగిన రోజున, మిగతా ఇరవై నిమిషాలు నేను చాలా నిశ్చింతగా కూర్చుంటాను.